చెరువు గట్టు మీద సిగ్నల్ కోసం: ఒక పాత నంబరు కొత్త నెట్‌వర్క్‌కు మారిన కేసు

మలికిపురం వైపు రొయ్యల సాగు చేసే ఒక రైతు నంబరును ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మార్చిన కేసు ఇది. మా మొబైల్ షాపుకు పోర్టింగ్ పనులు రోజూ వస్తూనే ఉంటాయి. వాటిలో దీన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. పోర్టింగ్ ఎక్కడెక్కడ ఆగుతుందో ఈ ఒక్క నంబరులో వరసగా కనబడింది. పైగా ఆ నంబరు ఒక్క రాత్రి మోగకపోయినా చెరువులో సరుకు పోయే పరిస్థితి.

ముందు ఆయన ఇబ్బంది ఏమిటో చెప్పాలి. వనామీ రొయ్యల చెరువు, పంట పెరిగి పట్టుబడికి దగ్గర పడుతోంది. ఆ దశలో నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు రాత్రంతా తిరగాల్సిందే. నీటిలో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువగా ఉండేది తెల్లవారుజామున. సరిగ్గా అప్పుడు కరెంటు పోయి జనరేటర్ వేయడం ఆలస్యమైతే రొయ్యలు పైకి తేలిపోతాయి. అందుకే మోటారు ప్యానెల్‌లో మొబైల్ స్టార్టర్ పెట్టించుకున్నారు. కరెంటు పోయినా, ఒక ఫేజు పోయినా అది ఆయన నంబరుకు ఫోన్ చేస్తుంది. ఇంటి దగ్గర పడుకున్నన్నాళ్లు బాగానే ఉంది. పంట చివరి నెలలో గట్టు మీద మకాంలోనే పడుకోవడం మొదలుపెట్టారు. అక్కడ ఆయన నెట్‌వర్క్ ఒక గీత ఉంటే ఉంది, లేకపోతే లేదు. స్టార్టర్ ఫోన్ చేస్తుంది, ఈయనకు మోగదు.

"కొత్త నంబరు తీసుకుంటే పోలేదా అంటాడండి మా అబ్బాయి. ఆ నంబరు మేత డీలర్ దగ్గరుంది, కొనేవాళ్ల దగ్గరుంది, బ్యాంకులో ఉంది, ఆధార్‌లో ఉంది. ఎక్కడని మారుస్తానండీ?" అన్నారు. స్టార్టర్‌లో కూడా అదే నంబరు ఫీడ్ చేసి ఉంది. నంబరు మారకూడదు, కంపెనీ మారాలి. పోర్టింగ్ ఉన్నదే అందుకు.

కోడ్ అడగడానికి ముందు

ఆయన కూర్చోగానే ఫారం తీయలేదు. "కొత్త కంపెనీ సిగ్నల్ మకాం దగ్గర చూశారా బాబాయ్ గారూ?" అని అడిగాను. పక్క చెరువు వాళ్లకు బాగా వస్తుందని విన్నారంతే. పోర్టింగ్ చేశాక మళ్లీ ఇంకో కంపెనీకి వెళ్లాలంటే 90 రోజులు ఆగాలి. పంట చివర్లో ఉన్నవాళ్లకు 90 రోజులంటే ఈ పంట అయిపోయినట్టే. కాబట్టి ముందుగా ఎవరిదైనా ఆ కంపెనీ సిమ్ తీసుకెళ్లి గట్టు మీద చూడమన్నాను. చూడాల్సింది పగలు కాదు, రాత్రి. అదీ కరెంటు పోయినప్పుడు. మన వైపు చాలామందికి తట్టని విషయం ఇది. ఊళ్లో కరెంటు పోతే టవర్‌కూ పోతుంది. ఆ తర్వాత అది బ్యాటరీ మీదో డీజిల్ మీదో నడవాలి. బ్యాటరీలు పాతబడిన టవర్ కాసేపటికి పడిపోతుంది. ఈయనకు ఫోన్ మోగాల్సిందే కరెంటు లేనప్పుడు. కంపెనీల వెబ్‌సైట్లలో కవరేజీ మ్యాపులు ఉంటాయి, చూడొచ్చు. కానీ ఆ మ్యాపు మీద రంగు చూసి రేకుల షెడ్డు లోపల గంట కరెంటు పోయాక సిగ్నల్ ఉంటుందో లేదో చెప్పలేం.

కాపలా కుర్రాడి సిమ్ ఆ కంపెనీదే. రెండు రాత్రులు దాన్ని తన ఫోన్‌లో వేసుకుని చూశారు. ఒక రాత్రి కరెంటు కూడా పోయింది, సిగ్నల్ నిలబడింది. అప్పుడు మొదలుపెట్టాం.

ఫోన్ కూడా చూడాలి. ఆయనది 4జీ ఫోన్, అందులో 4జీ మీదే నడిచే వోల్టీ కాల్స్ వస్తాయి. పాత కీప్యాడ్ ఫోన్ వాడేవాళ్లు 2జీ లేని నెట్‌వర్క్‌కు మారితే సిమ్ పెట్టినా ఫోన్ పలకదు. అదే ఇబ్బంది స్టార్టర్‌కూ ఉంటుంది. ఆయన స్టార్టర్‌లో వేరే సిమ్ ఉంది, ఆ పెట్టె 2జీ మీదే పనిచేస్తుంది. "దాన్ని కూడా మార్చేద్దామా?" అని అడిగారు. వద్దని గట్టిగా చెప్పాను. స్టార్టర్ దాని పాత సిమ్ మీదే ఫోన్ చేస్తుంది. అది డయల్ చేసే నంబరు మారడం లేదు గనుక దాన్ని ముట్టుకోవాల్సిన పని లేదు. పెట్టెలో సిమ్ మార్చాలంటే ముందు ఆ పెట్టె 4జీదో కాదో అమ్మినవాళ్లను అడిగి తేల్చుకోవాలి.

మొదటిసారి: కోడ్ రాలేదు

పోర్టింగ్ అంతా ఒక కోడ్ మీద నడుస్తుంది. దాన్ని యూపీసీ అంటారు, ఎనిమిది అక్షరాలు, అంకెలు కలిసి ఉంటాయి. మార్చాలనుకునే సిమ్ నుంచే 1900కు ఈ మెసేజ్ పంపాలి:

```
PORT 9XXXXXXXXX
```

PORT తర్వాత ఒక ఖాళీ, ఆపైన మీ పదంకెల నంబరు. రెండు సిమ్‌ల ఫోన్ అయితే మెసేజ్ ఏ సిమ్ నుంచి వెళ్తోందో చూసి పంపాలి. సెట్టింగుల్లో మెసేజ్‌లకు రెండో సిమ్ పెట్టి ఉంటే కోడ్ రాదు. జనం సిస్టమ్ పనిచేయడం లేదనుకుంటారు. మేం ఆ రెండో సిమ్‌ను కాసేపు ఆఫ్ చేసి పంపిస్తాం, ఇక సందేహం ఉండదు.

ఆయన ఫోన్ నుంచి పంపాం. కొన్ని నిమిషాల్లో జవాబు వచ్చింది. కోడ్ కాదు, తిరస్కరణ. ఈమధ్యే సిమ్ మార్చారు గనుక ఇప్పుడు కోడ్ ఇవ్వలేమని అందులో ఉంది.

అడిగితే అప్పుడు చెప్పారు. అంతకుముందు శుక్రవారం రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే చెక్‌ట్రే ఎత్తుతుంటే చొక్కా జేబులోంచి ఫోన్ చెరువులో పడిపోయిందట. ఉప్పునీళ్లలో ఫోన్‌తోపాటు సిమ్ కూడా పోయింది. శనివారం పాత కంపెనీ స్టోర్‌కు వెళ్లి అదే నంబరుకు డూప్లికేట్ సిమ్ తెచ్చుకున్నారు. మేం PORT మెసేజ్ పంపింది బుధవారం.

2024 జులై 1 నుంచి ఉన్న నిబంధన ఇది. డూప్లికేట్ సిమ్ తీసుకున్నా, సిమ్ మార్చుకున్నా, ఏడు రోజులు దాటేదాకా పోర్టింగ్ కోడ్ ఇవ్వరు. ఇది జనాన్ని ఇబ్బంది పెట్టడానికి పెట్టింది కాదు. మోసగాళ్లు వేరేవాళ్ల పేరు మీద డూప్లికేట్ సిమ్ సంపాదించి, ఆ నంబరును వెంటనే ఇంకో కంపెనీకి పోర్ట్ చేసి, బ్యాంకు ఓటీపీలు లాగేసేవారు. అసలు మనిషికి విషయం తెలిసి ఫిర్యాదు చేసుకోవడానికి ఈ ఏడు రోజులు. డూప్లికేట్ సిమ్ వేసిన మొదటి 24 గంటలు మెసేజ్‌లు వెళ్లకుండా, రాకుండా ఆపడం కూడా దీనికోసమే. కాబట్టి కొత్త సిమ్ తెచ్చుకున్న రోజే PORT అని పంపినా ఆ మెసేజ్ అసలు వెళ్లదు.

"ఆయ్, అంటే శనివారం దాకా ఆగాలా?" అన్నారు. శనివారంతో ఏడు రోజులు నిండుతాయి, ఆదివారం పంపండి అని చెప్పాను. ఈ గడువును తగ్గించే దారి ఏ షాపువాడి దగ్గరా లేదు. మా వాళ్లతో చేయిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

రెండోసారి: బిల్లు

ఆదివారం పంపారు. మళ్లీ తిరస్కరణే, ఈసారి కారణం వేరు. బకాయి ఉందట. ఆయనది పోస్ట్‌పెయిడ్ నంబరు. బిల్లు కార్డు నుంచి దానంతట అదే కట్ అవుతుందని ఆయన ధీమా. ఆ కార్డు గడువు అయిపోయి బ్యాంకు కొత్తది పంపింది. కొత్త కార్డును ఆటోపేలో ఎక్కించలేదు. బిల్లు కట్టాల్సిన ఆఖరి తేదీ గురువారం. అంటే మొదటిసారి పంపిన బుధవారం నాటికి ఈ అడ్డం లేదు. ఏడు రోజుల కోసం ఆగుతున్న మధ్యలో వచ్చి పడింది.

పోస్ట్‌పెయిడ్ వాళ్లు ఇక్కడ ఒక తేడా తెలుసుకోవాలి. కోడ్‌ను ఆపేది వచ్చిన బిల్లు గడువు దాటి కట్టకపోవడం. ఈ నెలలో ఇప్పటిదాకా వాడుకున్నదానికి ఇంకా బిల్లు రాకపోతే దానివల్ల కోడ్ ఆగదు. కానీ ఆ వాడకం మాఫీ అయిపోదు. పోర్ట్ అయ్యాక పాత కంపెనీ దానికి చివరి బిల్లు వేస్తుంది. అది కట్టకపోతే పాత కంపెనీ అడిగిన మీదట కొత్త కంపెనీ ఆ నంబరును ఆపేయాల్సి వస్తుంది. కొత్త కంపెనీకి బిల్లు సక్రమంగా కడుతూనే ఉంటారు, హఠాత్తుగా ఫోన్ ఆగుతుంది, ఎందుకో అర్థం కాదు. ఇలా మా దగ్గరకు వచ్చినవాళ్లందరూ చివరి బిల్లు మెసేజ్‌ను చూసీ పట్టించుకోనివాళ్లే. కంపెనీ మారాం కదా, వాళ్లకింకేం కడతాం అనుకుంటారు.

ఆయన ఆదివారం సాయంత్రమే యాప్‌లో బిల్లు కట్టేశారు. కట్టిన వెంటనే మళ్లీ పంపొద్దన్నాను. కట్టినట్టు పాత కంపెనీ లెక్కల్లోకి ఎక్కాలి. ఎక్కకముందే పంపితే అదే తిరస్కరణ ఇంకోసారి వస్తుంది. యాప్‌లో బాకీ సున్నా అని కనబడిన తర్వాత పంపితే చాలు. సోమవారం ఉదయం సున్నా చూపించింది. మళ్లీ పంపాం. ఈసారి కోడ్ వచ్చింది.

కోడ్ వచ్చిందంటే సగానికి పైగా పని అయిపోయినట్టే లెక్క. 2019 డిసెంబర్ 16 నుంచి ఈ పద్ధతి మారింది. అంతకుముందు కోడ్ సులువుగా వచ్చేది, ఫారం నింపాక కొన్ని రోజులకు "బకాయి ఉంది" అంటూ తిరస్కరించేవారు. ఇప్పుడు బకాయి, 90 రోజులు, పేరు మార్పు దరఖాస్తు పెండింగ్‌లో ఉందా, కోర్టు వివాదం ఉందా అన్నవన్నీ ముందే చూసి, అన్నీ సరిగా ఉంటేనే కోడ్ ఇస్తారు. ఈ పరీక్ష చేసేది పాత కంపెనీ కాదు, కొత్త కంపెనీ కాదు. మధ్యలో పోర్టింగ్ కోసమే నియమించిన సంస్థ ఒకటి ఉంటుంది, అది పాత కంపెనీ రికార్డులను అడిగి తేలుస్తుంది. తిరస్కరించినా కారణం మెసేజ్‌లోనే చెబుతుంది. అందుకే మా షాపులో ఎవరైనా కోడ్ రాలేదంటే ముందు ఆ మెసేజ్ తెరిచి చూపించమంటాం. చాలామంది దాన్ని చదవకుండా తుడిచేసి, మళ్లీ మళ్లీ PORT అని కొడుతుంటారు.

కోడ్ చేతిలో ఉన్నాక

కోడ్‌కు మన దగ్గర నాలుగు రోజులు గడువు. ఎప్పటిదాకా పనిచేస్తుందో ఆ మెసేజ్‌లోనే ఉంటుంది. ఈ లోపు కొత్త కంపెనీ దగ్గర దరఖాస్తు పడాలి. గడువు దాటితే ఇంకో కోడ్ తెప్పించుకోవడమే. ఈయన దరఖాస్తు సోమవారం మధ్యాహ్నానికే పడింది. ఆధార్‌తో వేలిముద్ర, ఫొటో, కోడ్, కొత్త సిమ్. కోడ్ ఎక్కించేటప్పుడు ఆ అక్షరాలను ఒక్కొక్కటిగా పైకి చదివించి కొడతాం. ఇంగ్లీషు ఓకు, సున్నాకు తేడా పట్టుకోకపోతే దరఖాస్తు ఆగుతుంది. పోర్టింగ్ ఛార్జీ గరిష్ఠంగా 6.46 రూపాయలు. చాలాచోట్ల దాన్ని విడిగా అడగనే అడగరు.

ఆ కోడ్ ఎవరికీ చెప్పకూడదు. కోడ్ తెప్పించిన గంటకే ఆయనకు ఎవరో ఫోన్ చేసి "పోర్టింగ్ వెరిఫికేషన్ అండి, కోడ్ చెప్పండి" అన్నారు. ఆ కాల్ ఎక్కడిదో మాకు తెలియదు, చెప్పనివ్వలేదు. కోడ్ అవసరమయ్యేది ఒక్కచోటే, మీరు వెళ్లిన కొత్త కంపెనీ కౌంటర్లో.

దరఖాస్తు పడ్డాక మన సర్కిల్ లోపలే మారుతుంటే మూడు పనిదినాలు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపి ఒకటే సర్కిల్. హైదరాబాద్‌లో తీసుకున్న నంబరును అమలాపురంలో మార్చినా మూడు రోజులే. వేరే సర్కిల్ నంబరైతే ఐదు పనిదినాలు. కంపెనీ పేరు మీదున్న కార్పొరేట్ నంబర్లకూ ఐదే, వాటికి కంపెనీ అధికార పత్రం కూడా కావాలి. బెంగళూరులో ఉద్యోగం చేసి వచ్చిన పిల్లలు అక్కడి నంబరు తెచ్చి ఇక్కడ మూడు రోజుల్లో కాలేదేమని అడుగుతుంటారు, దానికి ఐదు. "ఏడు రోజులు పడుతుందట కదా" అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది 2011 జనవరి 20న దేశమంతటా పోర్టింగ్ మొదలైన తొలి ఏళ్ల లెక్క. పనిదినాలు అన్నారు గనుక ఆదివారాన్ని, సెలవులను లెక్కలో వేసుకోకూడదు. శుక్రవారం దరఖాస్తు ఇచ్చి సోమవారానికి అయిపోవాలంటే కుదరదు. సంక్రాంతి వారంలో అయితే పనిదినాలు చేతి వేళ్లకు సరిపోవు, ఆ వారం పోర్టింగ్ పెట్టుకోకపోవడమే మేలు. ఈయనది సోమవారం పడింది కాబట్టి గురువారం లోపు అయిపోతుందని చెప్పాను.

ఈ మధ్యలో పాత సిమ్ తీయకూడదు. మారే క్షణం దాకా ఫోన్లు పాత సిమ్ మీదే వస్తాయి. కొత్త సిమ్ వేసి చూస్తే సర్వీస్ లేదని వస్తుంది, అది సహజం, సిమ్ చెడిపోలేదు. ప్రీపెయిడ్ వాళ్లైతే ఈ రోజులకు సరిపడా వ్యాలిడిటీ ఉంచుకోవాలి. మిగిలిన బ్యాలెన్స్, డేటా కొత్త కంపెనీకి రావు. కాబట్టి పెద్ద ప్యాక్ వేసుకున్న మర్నాడు పోర్టింగ్‌కు రావడం నష్టం. అలాగని మెసేజ్‌లు లేని చిన్న ప్లాన్‌లో ఉన్నవాళ్లకు దారి మూసుకుపోలేదు. ఎంత చిన్న ప్లాన్‌లో ఉన్నా 1900కు ఆ మెసేజ్ పంపుకోనివ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2021 డిసెంబర్‌లో కంపెనీలను ఆదేశించింది.

మంగళవారం ఉదయం పాత కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. ప్లాన్ ధర తగ్గిస్తాం, ఉండిపోండి అన్నారు. ఆయన తటపటాయించి మాకు ఫోన్ చేశారు. మనసు మారితే ఆపుకోవడానికి వీలుంది. దరఖాస్తు ఇచ్చిన 24 గంటల లోపు CANCEL అని, ఖాళీ వదిలి నంబరు కొట్టి 1900కు పంపితే పోర్టింగ్ రద్దవుతుంది. ఆ సంగతి చెప్పి, "ధర తగ్గుతుంది సరే బాబాయ్ గారూ, గట్టు మీద టవర్ దగ్గరకు జరుగుతుందా?" అని అడిగాను. ఆయన రద్దు చేయలేదు. ధర కోసమే మారేవాళ్లకైతే ఆ ఆఫర్ వినడంలో తప్పు లేదు. కానీ దాన్ని మెసేజ్ రూపంలో పంపమని అడగాలి.

ఆ ఒక్క రాత్రి

మాకు అసలు టెన్షన్ ఇక్కడే. నంబరు పాత సిమ్ నుంచి కొత్త సిమ్‌కు మారేటప్పుడు కొంతసేపు రెండూ పనిచేయవు. అది నాలుగు గంటలు దాటకూడదు, చాలాసార్లు అంతకన్నా తక్కువలోనే అయిపోతుంది. ఎక్కువగా ఇది అర్ధరాత్రి దాటాక జరుగుతుంది, ఎందుకంటే మామూలు జనం ఆ వేళ ఫోన్ వాడరు. కానీ రొయ్యల రైతుకు ఫోన్ కచ్చితంగా మోగాల్సిన వేళ అదే. మారే తేదీ, సమయం కొత్త కంపెనీ ముందే మెసేజ్‌లో చెబుతుంది. ఈయనకు బుధవారం సాయంత్రం వచ్చింది, గురువారం తెల్లవారుజామున అని.

మొబైల్ స్టార్టర్లలో ఒకటికన్నా ఎక్కువ నంబర్లు పెట్టుకునే వీలుంటుంది. ఆయన దాంట్లో రెండోది ఖాళీగా ఉంది. బుధవారం పొద్దుండగానే కాపలా కుర్రాడి నంబరును రెండోదిగా ఎక్కించాం. ఆ కుర్రాడి సిమ్ ఎలాగూ గట్టు మీద సిగ్నల్ నిలబడే కంపెనీదే. ఎక్కించి ఊరుకోలేదు. జనరేటర్ సిద్ధంగా పెట్టుకుని మెయిన్ ఆఫ్ చేసి చూశాం. స్టార్టర్ ముందు రైతుకు చేసింది, ఎత్తకుండా వదిలేశాం, తర్వాత కుర్రాడికి మోగింది. మొదటి నంబరు కలవకపోతే రెండోదానికి వెళ్తుందని అలా తేలింది. ఆ రాత్రికి డీజిల్ కూడా నిండుగా పోయించుకున్నారు.

చావుబతుకుల మనిషి ఇంట్లో ఉన్నవాళ్లు, ప్రయాణంలో ఉన్నవాళ్లు, మర్నాడు ఉదయం ఓటీపీతో పనున్నవాళ్లు కూడా ఈ రాత్రి గురించి ఆలోచించుకోవాలి. తేదీ మెసేజ్ రాగానే ఇంకో నంబరు ఇంట్లో అందరికీ చెప్పిపెడితే సరిపోతుంది.

గురువారం తెల్లవారకముందే పాత సిమ్‌కు సర్వీస్ పోయింది. కొత్త సిమ్ వేస్తే మొదట నెట్‌వర్క్ పట్టలేదు, ఫోన్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేశాక పట్టింది. కరెంటు ఆ రాత్రి పోలేదు.

ఉదయం పూట వచ్చిన సమస్య ఇంకోటి, చాలామందిని కంగారు పెట్టేది ఇదే. ఆయన బయటికి చేస్తే కలుస్తోంది, స్టార్టర్ ఫోన్ వస్తోంది. మేత డీలర్ చేస్తే మాత్రం నంబరు మనుగడలో లేదని వస్తోంది. సిమ్ తప్పు కాదు. నంబరు పోర్ట్ అయ్యాక, ఆ నంబరుకు వచ్చే కాల్స్‌ను ఇకపై ఏ కంపెనీకి పంపాలో దేశంలోని మిగతా కంపెనీలన్నీ తమ జాబితాల్లో మార్చుకోవాలి. డీలర్ వాడే కంపెనీ జాబితా ఇంకా మారలేదు, దాంతో అతని కాల్ పాత కంపెనీకే వెళ్లి ఆగిపోతోంది. దీన్ని గుర్తుపట్టడం సులువు. ఒక్క కంపెనీ వాళ్ల కాల్స్ మాత్రమే కలవకపోతే జాబితా సమస్య. ఎవరిదీ కలవకపోతే సిమ్‌దో, ఫోన్‌దో, యాక్టివేషన్‌దో. అందుకే మా దగ్గర అన్ని కంపెనీల ఫోన్ల నుంచి ఒక్కొక్కటి చేసి చూస్తాం. డీలర్ కాల్స్ ఆ పూటలోనే కలిశాయి. మర్నాటికీ కలవకపోతే కొత్త కంపెనీ కస్టమర్ కేర్‌లో ఏ కంపెనీ నుంచి రావడం లేదో చెప్పి ఫిర్యాదు నంబరు తీసుకోవాలి. మూడు పనిదినాలు దాటినా పోర్ట్ కాకపోతే అడగాల్సిందీ కొత్త కంపెనీనే. దరఖాస్తు వాళ్ల దగ్గర ఉంది, పాతవాళ్లు చేయగలిగింది ఉండదు.

బ్యాంకులో, ఆధార్‌లో మార్చాల్సింది ఏమీ లేదు, నంబరు అదే కదా. యూపీఐ యాప్ మాత్రం సిమ్ మారిందని గుర్తించి మళ్లీ వెరిఫై చేయమంది. అప్పుడు ఆ సిమ్ నుంచి మెసేజ్ వెళ్లాలి కాబట్టి దానికి సరిపడా ప్లాన్ ఉండాలి. ఇలా మళ్లీ రిజిస్టర్ అయినప్పుడు మొదటి రోజు పంపే డబ్బుకు పరిమితి పెట్టవచ్చు. అందుకని మేతకు కట్టాల్సిన డబ్బు బుధవారమే పంపించేయమని చెప్పాం.

నంబరు ఎవరి పేరు మీద ఉంది

ఈయన నంబరు ఈయన పేరు మీదే ఉంది కాబట్టి ఆ ఇబ్బంది రాలేదు. మన వైపు ఇంటికో నంబరు అయినా కాలం చేసిన తండ్రి పేరు మీదో, గల్ఫ్‌లో ఉన్న కొడుకు పేరు మీదో ఉంటుంది. అలాంటిదాన్ని పోర్టింగ్‌లో కలిపి పేరు కూడా మార్చుకుందాం అనుకోకండి. ముందు పాత కంపెనీ దగ్గరే పేరు మార్పు పూర్తి చేసుకోవాలి. మనిషి పోయి ఉంటే మరణ ధ్రువీకరణ పత్రం, వారసుల కాగితాలు అడుగుతారు. ఆ దరఖాస్తు నడుస్తున్నంతకాలం పోర్టింగ్ కోడ్ రాదు. అది పూర్తయ్యాకే PORT మెసేజ్. మీ పేరు మీద ఏయే నంబర్లు ఉన్నాయో sancharsaathi.gov.in లో చూసుకోవచ్చు. పనికి దిగేముందు అది ఒకసారి చూసుకుంటే ఈ తిరుగుడు తప్పుతుంది.

చెరువు రైతుకు పోర్ట్ అయిన తర్వాత పాత కంపెనీ నుంచి చివరి బిల్లు మెసేజ్ వచ్చింది. అంతకుముందు బిల్లు లెక్క ముగిసిన తేదీ నుంచి పోర్ట్ అయిన రోజు దాకా వాడుకున్నది అందులో ఉంది. మెసేజ్ రాగానే షాపుకు తెచ్చి చూపించారు. మా కంప్యూటర్‌లోనే కట్టించి, రసీదు ప్రింటు తీసి ఇచ్చాం. స్టార్టర్‌లో కాపలా కుర్రాడి నంబరు రెండోదిగా అలాగే ఉంచారు.